కొట్టివేసిన ధర నిజం కావాలంటే: తగ్గింపు ధర పక్కన పాత ధరను చూపే పద్ధతి

తగ్గింపు ధర పక్కన మరో అంకెను గీత గీసి చూపించినప్పుడు దుకాణదారు కొనేవారికి ఒక మాట చెబుతున్నాడు: ఈ వస్తువును మేము నిన్నమొన్నటి వరకు ఈ ధరకు అమ్మాము, ఇప్పుడు తగ్గించాము. కొనేవారు ఆ మాటను నమ్మి, మిగిలే సొమ్మును లెక్కవేసుకుని, రేపటిదాకా ఆగకుండా ఈరోజే కొంటారు. వారి నిర్ణయం మొత్తం ఆ కొట్టివేసిన అంకె మీదే ఆధారపడుతుంది కనుక, అమ్మే ధర ఎంత నిజమో ఆ అంకె కూడా అంతే నిజం కావాలి. సొంత వెబ్‌సైటులోనో, వాట్సాప్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో చీరలు, గానుగ నూనెలు, పచ్చళ్ళు అమ్ముకునే చిన్న దుకాణాల వారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పెద్ద సంస్థలకు న్యాయ సలహాదారులు ఉంటారు. చిన్న దుకాణంలో ధర పెట్టేదీ, పోస్టరు చేసేదీ, కొనేవారి ఫోనుకు జవాబు చెప్పేదీ చాలాసార్లు ఒకే మనిషి.

మొదటి మెట్టు: ఏ ధరను కొట్టివేస్తున్నారో తేల్చుకోండి

పాత ధర అని మనం చూపించే అంకె మూడు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది. ఒకటి, మన దుకాణంలో మనమే అమ్మిన మామూలు ధర. రెండు, ప్యాకెట్ మీద అచ్చువేసిన ఎమ్మార్పీ. మూడు, ఇదే వస్తువుకు బయటి దుకాణాల్లో నడుస్తున్న ధర. ఈ మూడింటినీ ఒకే గీతతో, ఏ మాటా రాయకుండా చూపించడం వల్లనే చాలా తప్పులు జరుగుతున్నాయి.

ఇక్కడ మన చట్టంలో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులను నిర్వచిస్తుంది. వస్తువు మామూలుగా ఏ ధరకు అమ్ముడవుతుందన్న విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం వాటిలో ఒకటి. అంతటితో ఆగకుండా, ధర గురించి ఏదైనా చెప్పినప్పుడు అది ఆ బజారులోని అమ్మకందారులందరూ సాధారణంగా అమ్ముతున్న ధర గురించి చెప్పినట్లుగానే భావించాలనీ, అది తాము అమ్మిన ధర మాత్రమేనని స్పష్టంగా పేర్కొంటేనే అలా భావించనక్కరలేదనీ కూడా ఆ సెక్షన్ చెబుతుంది. అంటే పక్కన ఏమీ రాయకుండా ₹1,800 అని కొట్టివేస్తే, బజారంతా ఆ చీరను ₹1,800కే అమ్ముతోందని మనం చెప్పినట్లు లెక్క. దానిని నిరూపించడం చిన్న దుకాణానికి సాధ్యం కాదు. ‘మా మామూలు ధర’ అన్న మూడు మాటలు రాస్తే మన సొంత లెక్కల పుస్తకమే రుజువు అవుతుంది.

కాబట్టి మొదటి రకాన్నే వాడమని నా సలహా. బయటి ధరతో పోల్చడం చేనేత చీరల వంటి వాటిలో దాదాపు అసాధ్యం. నూలు కౌంటు, అంచు వెడల్పు, జరీ రకం మారితే అది వేరే చీర అయిపోతుంది, పోలిక నిలవదు. ఎమ్మార్పీ సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి, దానికి కింద చోటు ఇచ్చాను.

రెండో మెట్టు: ధరల చిట్టా రాయడం మొదలుపెట్టండి

వెబ్‌సైటు సాఫ్ట్‌వేర్ పాత ధరలను గుర్తుపెట్టుకుంటుందని అనుకోకండి. వూకామర్స్‌లో `Regular price`, `Sale price` అనే రెండు గడులు, షాపిఫైలో `Price`, `Compare-at price` అనే రెండు గడులు ఉంటాయి. వాటిలో ఏ అంకె రాసినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది. ఆ ధరకు ఎప్పుడైనా అమ్మారా అని అది అడగదు. కొత్త అంకె రాయగానే పాత అంకె ఆ గడిలోంచి పోతుంది. ఆరు నెలల తరువాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

అందువల్ల ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి నాలుగు నిలువు వరుసలు పెట్టుకోండి. A వరుసలో వస్తువు కోడ్, B వరుసలో ఆ ధర మొదలైన తేదీ, C వరుసలో ఆ ధర ముగిసిన తేదీ, D వరుసలో ధర. ధర మారిన ప్రతిసారీ ఒక కొత్త అడ్డు వరుస రాయాలి. పక్కన ఆ కాలంలో ఎన్ని అమ్ముడయ్యాయో కూడా రాసుకుంటే మరీ మంచిది, ఎందుకంటే అనుమానం వచ్చినప్పుడు బిల్లులను వెతికి పట్టుకోవడం తేలికవుతుంది. ఒక చీర ఎరుపులో ఒక ధర, పచ్చలో ఒక ధర ఉంటే వాటికి వేర్వేరు కోడ్‌లు ఉండాలి. ఒక రంగు మాత్రమే తగ్గించి, పేజీ మొత్తానికి గీత పెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

మూడో మెట్టు: పాత ధరగా చూపే అర్హత ఉందో లేదో లెక్కించండి

ఒక ధర ఎన్నాళ్ళు నడిస్తే దానిని మామూలు ధర అనవచ్చు? తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇన్ని రోజులు అన్న అంకె లేదు, తప్పుదోవ పట్టించకూడదన్న నియమమే ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు, ఆ ధరకు వస్తువును నిజాయితీగా, బహిరంగంగా, చెప్పుకోదగినంత కాలం అమ్మకానికి పెట్టి ఉండాలని అంటాయి. ఆ ధరకు ఒక్కటి కూడా అమ్ముడుపోకపోయినా ఫరవాలేదు, అమ్మకానికి పెట్టడం మాత్రం నిజమై ఉండాలి. యూరోపియన్ యూనియన్ ఒక కచ్చితమైన లెక్క పెట్టింది. 2022 మే 28 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, తగ్గింపు ప్రకటించేటప్పుడు దానికి ముందరి 30 రోజుల్లో ఆ దుకాణం అమలుచేసిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలి. ఐర్లండ్‌లోనో, జర్మనీలోనో ఉన్న తెలుగువారిని ఉద్దేశించి ప్రకటనలు ఇచ్చి చీరలు పంపే దుకాణాలు ఈ నిబంధనను తమకు సంబంధించినదిగానే చూడాలి. ఇక్కడివారికే అమ్మేవారు కూడా దీనిని సొంత నియమంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో వాదనకు చోటు లేదు. తేదీ చూసి అంకె చెప్పవచ్చు.

మంగళగిరి నూలు చీర ఒకదానిని తీసుకుని ఈ లెక్కను చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. జూన్ 1 నుంచి ఆ చీర ధర ₹1,800. శ్రావణమాసం అమ్మకాల కోసం ఆగస్టు 10 నుంచి 20 వరకు ₹1,600. ఆగస్టు 21 నుంచి తిరిగి ₹1,800. దసరా అమ్మకం సెప్టెంబరు 25న ₹1,500తో మొదలవుతుంది.

ముందరి 30 రోజులు అంటే ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 24 వరకు. ఆ మొత్తం కాలంలో ధర ₹1,800గానే ఉంది కనుక ₹1,800ను కొట్టివేసి ₹1,500 అని చూపడం నిజమే. తగ్గింపు ₹300.

ఇప్పుడు ఒక్క తేదీని మారుద్దాం. శ్రావణమాసపు తగ్గింపును సెప్టెంబరు 5 దాకా పొడిగించారనుకోండి. అప్పుడు ముందరి 30 రోజుల్లో అతి తక్కువ ధర ₹1,600 అవుతుంది. దసరా అమ్మకంలో కొట్టివేయవలసిన అంకె ₹1,600, తగ్గింపు ₹100 మాత్రమే. దుకాణదారుకు ఇది కష్టంగా అనిపించవచ్చు. కానీ సెప్టెంబరు 4న అదే చీరను ₹1,600కు కొన్నావిడ సెప్టెంబరు 25న ఆ పేజీ చూస్తే ఆమె కంటికి కనిపించే తగ్గింపు కూడా సరిగ్గా ₹100 మాత్రమే.

మూడో సందర్భం బజారులో మనం ఎక్కువగా చూసేది. సెప్టెంబరు 10న ధరను ₹2,400కు పెంచి, పదిహేను రోజులు అలా ఉంచి, సెప్టెంబరు 25న ‘₹2,400 కొట్టివేత, ₹1,500, 37 శాతం తగ్గింపు’ అని పెట్టడం. ఆ పదిహేను రోజులూ వెబ్‌సైటులో ఆ ధర కనిపించిన మాట నిజమే కావచ్చు. అయినా అది అమ్మడానికి పెట్టిన ధర కాదు, కొట్టివేయడానికే పెట్టిన ధర. 30 రోజుల లెక్క దీనిని వెంటనే పట్టిస్తుంది, ఎందుకంటే ఆ కాలంలో అతి తక్కువ ధర ₹1,800 అనే వస్తుంది.

చిట్టాలో ఈ లెక్కను సూత్రంతో చేయవచ్చు. H2 గడిలో వస్తువు కోడ్, H3 గడిలో తగ్గింపు మొదలయ్యే తేదీ రాసి, మరో గడిలో ఇది పెట్టండి:

```
=MINIFS(D:D, A:A, H2, B:B, "<"&H3, C:C, ">="&H3-30)
```

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఇంకా నడుస్తున్న ధరకు C వరుసలో ముగింపు తేదీ ఖాళీగా ఉంటే ఆ అడ్డు వరుసను సూత్రం లెక్కలోకి తీసుకోదు, జవాబు తప్పు వస్తుంది. లెక్కించే ముందు అక్కడ తగ్గింపుకు ముందు రోజు తేదీని రాయాలి. జవాబు సున్నా వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే, లేదా వస్తువు కోడ్‌లో తేడా.

కొత్తగా వచ్చిన వస్తువుకు పాత ధర అంటూ ఉండదు. దానిని మొదటి రోజు నుంచే గీతతో పెట్టడం ఏ లెక్కన చూసినా అబద్ధమే. ‘ప్రారంభ ధర ₹1,500, అక్టోబరు 15 వరకు’ అని రాస్తే చాలు. గూగుల్ మర్చంట్ సెంటర్ ద్వారా వస్తువులను చూపించేవారు `sale_price` పెట్టేటప్పుడు ఇంకో షరతు గుర్తుంచుకోవాలి. గూగుల్ తగ్గింపు గుర్తు వేయాలంటే, అసలు ధరకు గడచిన 200 రోజుల్లో కనీసం 30 రోజులు అమ్మి ఉండాలని ఆ సంస్థ కోరుతుంది.

నాలుగో మెట్టు: ఎమ్మార్పీ విషయంలో జాగ్రత్త

గానుగ నువ్వుల నూనె లీటరు సీసా మీద ఎమ్మార్పీ ₹520 అని ఉంది, మీరు ఏడాది పొడవునా దానిని ₹440కే అమ్ముతున్నారనుకుందాం. ‘ఎమ్మార్పీ ₹520, మా ధర ₹440’ అని రాయడంలో తప్పేమీ లేదు, రెండూ నిజాలే. కానీ దానికి ‘దసరా ఆఫర్, 15 శాతం తగ్గింపు’ అని తగిలిస్తే అది నిజం కాదు, ఎందుకంటే దసరాకు మీరు తగ్గించిందేమీ లేదు. దసరాకు నిజంగా ₹410కి ఇస్తే, కొట్టివేయవలసింది ₹440. ఎమ్మార్పీని గీత లేకుండా, వస్తువు వివరాల్లో విడిగా చూపండి. తగ్గింపు ₹30, అంటే 6 శాతం పైచిలుకు. అంకె చిన్నదే, అయినా నెలనెలా మీ దగ్గరే నూనె కొనేవారికి అది అర్థమయ్యే అంకె.

నూనెను మీరే ఆడించి, సీసాలో నింపి, ఎమ్మార్పీ కూడా మీరే అచ్చువేస్తుంటే బాధ్యత ఇంకా పెరుగుతుంది. ఎవరికీ అమ్మే ఉద్దేశం లేని ₹700ను అచ్చువేసి ₹440 పక్కన గీత గీయడం సులువు. కానీ ఆ అంకెను ఎన్నుకున్నది మీరే కనుక, అది వేరే తయారీదారు వేసిన ధర అన్న సమాధానం మీకు లేదు. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం ఎమ్మార్పీ అన్ని పన్నులూ కలిసిన ధర. దానికి మించి అమ్మకూడదు, అచ్చువేసిన అంకెను చెరిపి మార్చకూడదు. ధర తగ్గించినప్పుడు స్టిక్కరు వేయవచ్చు గాని, కింది ఎమ్మార్పీ కనపడకుండా దాని మీద అంటించకూడదు.

పన్నుల సంగతి ఇక్కడే చెప్పాలి. ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టి, తగ్గించిన ధర మీద మళ్ళీ వ్యాట్ వేసిన వ్యాపారులపై కొనుగోలుదారులు కేసు వేస్తే, జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2017లో అది అనుచిత వ్యాపార పద్ధతేనని తేల్చింది. పన్ను పేరు మారి జీఎస్టీ వచ్చింది, సూత్రం మాత్రం మారలేదు. గీత పక్కన చూపే ధర, పన్నుతో కలిపి చెల్లించవలసిన ధరే కావాలి.

ఐదో మెట్టు: పేజీలో ఎలా రాయాలి

గీత ఒక్కటే సరిపోదు. దానికి రెండు కారణాలున్నాయి. చట్టపరంగా అది ఏ ధరో స్పష్టంగా పేర్కొనాలని పైన చూశాము. రెండోది, చూపులేనివారు స్క్రీన్ రీడర్‌తో వింటున్నప్పుడు గీత వినపడదు. చాలా స్క్రీన్ రీడర్‌లు మామూలు అమరికలో `<del>` అన్న గుర్తును చదవవు. అప్పుడు వారికి ‘వెయ్యిన్ని ఎనిమిది వందలు, వెయ్యిన్ని ఐదు వందలు’ అని రెండు అంకెలు వినపడతాయి, ఏది చెల్లించాలో తెలియదు. మాటల్లో రాస్తే రెండు సమస్యలూ ఒకేసారి తీరుతాయి.

```html
<p>మా మామూలు ధర: <del>₹1,800</del></p>
<p>ఇప్పటి ధర: <strong>₹1,500</strong>
   (అక్టోబరు 5 వరకు)</p>
<p>గత 30 రోజుల్లో మా అతి తక్కువ ధర ₹1,800.</p>
```

మూడో వాక్యాన్ని మనదేశంలో తప్పనిసరిగా రాయనక్కరలేదు. అయినా రాయండి. చేతిలో లెక్క ఉన్న దుకాణం మాత్రమే రాయగల వాక్యం అది. ఐతే దానిని పేరుకు మాత్రమే రాయడం కుదరదు. జర్మనీలో ఆల్డీ జ్యూడ్ దుకాణాలు అరటిపండ్ల మీద 23 శాతం తగ్గింపు అని పెద్దగా ప్రకటించి, 30 రోజుల అతి తక్కువ ధరను కింద విడిగా రాశాయి. ఆ అతి తక్కువ ధర, అప్పుడు అమ్ముతున్న ధర ఒక్కటే. శాతాన్ని అంతకు ముందరి పెద్ద ధర మీద లెక్కకట్టారు. ఐరోపా న్యాయస్థానం 2024 సెప్టెంబరు 26న, అతి తక్కువ ధరను ప్రస్తావించి వదిలేస్తే చాలదనీ, తగ్గింపు శాతాన్ని కూడా దాని మీదే లెక్కించాలనీ తీర్పు చెప్పింది.

శాతం రాసేటప్పుడు పైకి సవరించకండి. ₹1,800 మీద ₹300 తగ్గింపు 16.67 శాతం. దానిని 16 శాతం అని రాయండి, 17 అని కాదు. నన్నడిగితే శాతం కన్నా ‘₹300 తగ్గింపు’ అని రాయడమే మంచిది, ఎందుకంటే కొనేవారు జేబులోంచి తీసేది రూపాయలు. ‘50 శాతం వరకు’ అన్న బోర్డు పెట్టాలంటే, ఆ 50 శాతం తగ్గింపు ఉన్న వస్తువులు చెప్పుకోదగిన సంఖ్యలో, నిజంగా స్టాకులో ఉండాలి. ఒక్క చీరను సగం ధరకు పెట్టి దుకాణమంతటికీ ఆ బోర్డు తగిలిస్తే, 2022 మార్గదర్శకాల్లో ఎర ప్రకటనలకు పెట్టిన షరతులను అది దాటిపోయినట్లే.

ఫలానా బ్యాంకు కార్డుతో చెల్లిస్తేనో, కూపన్ వేస్తేనో వచ్చే ధరను ‘ఇప్పటి ధర’గా పెద్ద అక్షరాల్లో పెట్టకూడదు. అది కొందరికే దొరికే ధర. అందరికీ వర్తించే ధరను పెద్దగా చూపి, కార్డు తగ్గింపును కింద మాటల్లో చెప్పండి. పంపే ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు చివరి మెట్టులో కలపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2023 నవంబరులో వచ్చిన, కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడలను అడ్డుకునే డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు, ఖర్చులను మొదట దాచి చివర బయటపెట్టడాన్నీ, లేని తొందరను సృష్టించడాన్నీ పేరు పెట్టి మరీ నిషేధించాయి. పేజీ మళ్ళీ తెరిచిన ప్రతిసారీ రెండు గంటల నుంచి మొదలయ్యే గడియారం లేని తొందరే.

ఆరో మెట్టు: అమ్మకం ముగిసిన రోజు

ఎక్కువ దుకాణాలు తడబడేది మొదటి రోజు కాదు, చివరి రోజు. అక్టోబరు 5 వరకు అని రాసిన తగ్గింపు దీపావళి దాకా, తరువాత కార్తీకమాసం దాకా సాగుతుంది. అలా సాగే కొద్దీ ₹1,500 అసలు ధర అయిపోతుంది, ₹1,800 ఎప్పుడో ఉన్న ధర అవుతుంది. దీనికి నేను సూచించే సొంత హద్దు ఒకటి ఉంది: మామూలు ధర ఎన్ని రోజులు నడిచిందో అంతకన్నా ఎక్కువ రోజులు తగ్గింపును నడపకండి. పై ఉదాహరణలో ₹1,800 ధర చివరిసారి ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 24 వరకు 35 రోజులు నడిచింది. కనుక తగ్గింపు అక్టోబరు 29 దాటకూడదు. ఆ తరువాత రెండే దారులు. ధరను ₹1,800కు తిరిగి తీసుకువెళ్ళండి, లేదా ₹1,500నే మామూలు ధరగా ఒప్పుకుని గీతను తీసివేయండి.

వూకామర్స్‌లో `Sale price` గడి దగ్గర ఉన్న `Schedule` నొక్కి మొదటి, చివరి తేదీలు పెడితే ధర దానంతట అదే మారుతుంది. అయినా మర్నాడు ఉదయం లాగిన్ కాకుండా, మామూలు కొనుగోలుదారులా ఫోనులో పేజీ తెరిచి చూడాలి. కాష్ వల్ల పాత పేజీయే కనిపిస్తూ, కార్ట్‌లో మాత్రం కొత్త ధర పడడం జరుగుతుంటుంది. అలాంటప్పుడు ఆర్డరు చేసినవారికి వారు చూసిన ధరకే ఇవ్వడం న్యాయం.

వాట్సాప్ పోస్టర్ల మీద మన చేతిలో ఏమీ ఉండదు. ఒకసారి పంపాక అవి బంధువుల గ్రూపుల్లో నెలలు తిరుగుతాయి. అందుకని ప్రతి పోస్టరు మీద చివరి తేదీ, సంవత్సరంతో సహా, ధర ఉన్నంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. సంవత్సరం లేని ‘అక్టోబరు 5 వరకు’ అన్న పోస్టరు వచ్చే దసరాకు మళ్ళీ బతికి వస్తుంది.

ఎవరైనా ప్రశ్నిస్తే

‘పోయిన నెలలో కూడా దాదాపు ఇదే ధర ఉంది కదండీ, ఇందులో తగ్గించింది ఏముంది?’ అని కొనేవారు అడిగితే చిట్టాలో ఆ వస్తువు వరుసను ఫోటో తీసి పంపండి. ‘జూన్ 1 నుంచి ₹1,800 అండీ, ఆగస్టులో పదకొండు రోజులు ₹1,600, మళ్ళీ ఆగస్టు 21 నుంచి ₹1,800. మీరు చూసింది ఆ పదకొండు రోజుల్లో అయి ఉండవచ్చు’ అని తేదీలతో చెబితే సంభాషణ అక్కడితో సవ్యంగా ముగుస్తుంది. చిట్టా చూశాక తప్పు మనదని తేలితే, గీతను వెంటనే తీసివేసి, ఆ తగ్గింపును నమ్మి కొన్నవారందరికీ, అడిగిన ఒక్కరికే కాదు, సొమ్ము వాపసు తీసుకునే అవకాశం ఇస్తూ సందేశం పంపాలి.

కొనేవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే, 2019 చట్టంలోని సెక్షన్ 21 కింద ప్రాధికార సంస్థ రూ. 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే రూ. 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. అక్కడ మిమ్మల్ని అడిగేది కూడా ఇదే: ఆ కొట్టివేసిన ధరకు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అమ్మారు, బిల్లులు ఏవి? కాబట్టి చిట్టాతో పాటు, ధర మారిన ప్రతి రోజూ పేజీని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, వస్తువు కోడ్ పేరుతో ఒక ఫోల్డరులో వేసి ఉంచండి.